రిస్క్ కొలతలు, 6వ పాఠం: రెండు బాండ్లకు పంచితే రిస్క్ పెరిగిందా?

ఒక బాండుకు 95% ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్, అంటే అతి చెడ్డ 5% నష్టాల సగటు, ఎంత అని గత పాఠంలో ఇచ్చిన లెక్కకు ఎక్కువమంది 4 లక్షలు అని జవాబు పంపారు. సరైన జవాబు 80 లక్షలు. ఈ తేడా తేలకపోతే ఇవాళ్టి పాఠం బోధపడదు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఒక బాండులో 100 లక్షలు పెట్టాం. కంపెనీ ఎగ్గొట్టే అవకాశం 4%, ఎగ్గొడితే మొత్తం పోతుంది. వడ్డీని లెక్కలోకి తీసుకోలేదు. నష్టం లేకపోయే అవకాశం 96% ఉంది కనుక, 95% స్థాయిలో వాల్యూ ఎట్ రిస్క్, అంటే వీఏఆర్, సున్నా: కనీసం 95% అవకాశంతో నష్టం దాటని అతి చిన్న హద్దు అది. ఇక్కడిదాకా అందరిదీ సరిపోయింది. ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్ దగ్గరికి వచ్చేసరికి 'వీఏఆర్‌కు సమానమైన, మించిన నష్టాల సగటు' తీశారు. వీఏఆర్ సున్నా అయితే అన్ని నష్టాలూ అందులోకి వచ్చేస్తాయి, మొత్తం సగటే మిగులుతుంది. తీయాల్సింది అతి చెడ్డ 5% సగటు. అందులో 4 శాతానికి 100 లక్షల నష్టం, మిగతా 1 శాతానికి సున్నా:

```
(4×100 + 1×0) / 5 = 80
```

సున్నా దగ్గరున్న 96 శాతంలోంచి 1 శాతమే కోసుకోవాలి. నేనైతే సూత్రం జోలికి పోను. నష్టాలను పెద్దదానితో మొదలుపెట్టి వరసగా రాసి, 5% నిండగానే ఆపేస్తాను.

ఇక అసలు విషయం. కోహెరెంట్, అంటే పొంతన ఉన్న, రిస్క్ కొలతకు ఆర్ట్‌జ్నర్, డెల్బాన్, ఎబర్, హీత్ అనే పరిశోధకులు 1999లో నాలుగు షరతులు పెట్టారు. మూడింటిని వీఏఆర్ తేలిగ్గా దాటుతుంది. తప్పేది సబ్ఎడిటివిటీ దగ్గర: కలిపినదాని రిస్క్, విడివిడి రిస్క్‌ల మొత్తాన్ని మించకూడదు.

అలాంటివే రెండు బాండ్లు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, ఒక్కోదానిలో 100 లక్షల చొప్పున కొందాం. రెండూ నిలిచే అవకాశం 0.96×0.96, అంటే 92.16%. కనీసం ఒకటి మునిగే అవకాశం 7.84%, ఇది 5% దాటింది. కాబట్టి వీఏఆర్ 100 లక్షలు. విడివిడిగా కలిపితే 0+0. ఇంకా ఘోరం, 200 లక్షలూ ఒకే కంపెనీలో పోస్తే వీఏఆర్ సున్నా! వీఏఆర్ మీద పరిమితి పెట్టిన చోట, డబ్బంతా ఒకేచోట పెట్టినవాడు నెగ్గుతాడు.

షార్ట్‌ఫాల్ ఇలా షరతు తప్పదు. అతి చెడ్డ 5 శాతంలో రెండూ మునిగేది 0.16%, మిగతా 4.84 శాతానికి నష్టం 100:

```
(0.16×200 + 4.84×100) / 5 = 103.2
```

విడివిడిగా 80+80=160. పంచినందుకు రిస్క్ తగ్గింది. మీరు వాడిన పద్ధతిలో కలిపితే సుమారు 102, విడిగా 4+4=8. వీఏఆర్ జబ్బే దానికీ ఉంది.

నష్టాలు ఉమ్మడిగా నార్మల్ పంపిణీలో ఉంటే 95% వీఏఆర్‌లో ఈ లోపం కనపడదు. అప్పుల్లాంటి, ఉంటే మొత్తం లేకపోతే సున్నా అయ్యే నష్టాల దగ్గర జాగ్రత్త. బ్యాంకులు ట్రేడింగ్ నష్టాల కోసం పక్కన ఉంచాల్సిన మూలధనానికి, బ్యాంకు నియంత్రణ ప్రమాణాలు పెట్టే బాసెల్ కమిటీ 2016లో 99% వీఏఆర్ స్థానంలో 97.5% షార్ట్‌ఫాల్‌ను తెచ్చింది.

అభ్యాసం: ఎగ్గొట్టే అవకాశం 6% అనుకుని ఇదే లెక్క చేయండి, వీఏఆర్ ఈ షరతు తప్పదు. ఎంత శాతం నుంచి ఎంత శాతం దాకా తప్పుతుందో కనుక్కోండి. తర్వాత అదే మూడు బాండ్లకు.