ఉద్యోగం మారేటప్పుడు తేదీల లెక్క – 3: రెండు నెలలా, అరవై రోజులా?

రాజీనామా ఏ రోజున అందినట్టు లెక్క వేయాలో కిందటి పాఠంలో చూశాం. ఈసారి ఆ తేదీ నుంచి చివరి పనిదినం దాకా లెక్క కడదాం. ఒక్క ఉదాహరణే తీసుకుని నిదానంగా చూద్దాం.

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక కంపెనీలో ఒకమ్మాయి అకౌంట్స్ చూస్తోంది అనుకోండి. గుంటూరులో కొత్త ఉద్యోగం వచ్చింది. 2026 ఫిబ్రవరి 2, సోమవారం చేరాలి. 2025 డిసెంబరు 2, మంగళవారం రాజీనామా మెయిల్ పెట్టింది, అందిందని అదే రోజు జవాబు వచ్చింది. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ రెండు నెలలు అని ఉంది. రెండు నెలలంటే అరవై రోజులే కదా అనుకుని, జనవరి నెలాఖరుకు అయిపోతుందని కొత్తవాళ్లకు చెప్పేసింది.

ముందు ఆమె లెక్కనే చూద్దాం. మామూలు పద్ధతిలో రాజీనామా ఇచ్చిన రోజును వదిలేసి మర్నాటి నుంచి లెక్కపెడతారు. డిసెంబరు 3 మొదటి రోజు. 3 నుంచి 31 దాకా 29 రోజులు, జనవరిలో 31. మొత్తం 60. చివరి రోజు జనవరి 31, శనివారం. మధ్యలో వచ్చే ఆదివారాలు, సంక్రాంతి సెలవులు కూడా ఈ అరవైలోనే కలిసిపోతాయి. పనిదినాలు అని లెటర్‌లో విడిగా రాసి ఉంటే తప్ప వాటిని తీసేయకూడదు.

ఇప్పుడు నెలల లెక్క. ఇందులో రోజులు లెక్కపెట్టే పనే లేదు. రాజీనామా తేదీ ఏ అంకె మీద ఉందో, రెండు నెలల తర్వాత అదే అంకె దగ్గర ఆగాలి. డిసెంబరు 2 నుంచి జనవరి 2 ఒక నెల, ఫిబ్రవరి 2 రెండో నెల. అంటే ఫిబ్రవరి 2న కూడా ఆమె పాత కంపెనీ ఉద్యోగే. సరిగ్గా అదే రోజు గుంటూరులో చేరాలి! డిసెంబరు, జనవరి రెండూ 31 రోజుల నెలలు కావడంతో ఇక్కడ రెండు నెలలు 62 రోజులయ్యాయి.

లెటర్‌లో నెల అంటే 30 రోజులు అని నిర్వచనం ఉంటే ఆమె మాటే చెల్లుతుంది. ఒప్పందంలో ఏముందన్నదే మొదట చూస్తారు. ఏ నిర్వచనమూ లేకుండా ఊరికే నెల అని ఉంటే క్యాలెండర్ నెలగానే తీసుకోవడం రివాజు. మన చట్టాల్లో నెల అన్న మాటకు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెప్పే అర్థం అదే. మధ్యవర్తిత్వ చట్టం కింద వచ్చిన ఒక కేసులో మూడు నెలలంటే 90 రోజులు కాదని సుప్రీంకోర్టు కూడా 2010లో చెప్పింది.

కొన్ని కంపెనీలు రాజీనామా ఇచ్చిన రోజును కూడా కలిపేస్తాయి. అలాగైతే రెండు లెక్కలూ ఒక రోజు వెనక్కి జరుగుతాయి: అరవై రోజులు జనవరి 30తో, రెండు నెలలు ఫిబ్రవరి 1తో ముగుస్తాయి. ఆమె విషయంలో ఆ ఒక్క రోజే గండం గట్టెక్కిస్తుంది. అందుకే ఈ సంగతి హెచ్ఆర్‌ను మొదటి వారంలోనే మెయిల్‌లో అడగాలి. కుదరదంటే ఒక రోజు ముందు రిలీవ్ చేయమని రాతపూర్వకంగా కోరాలి, లేదా చేరే తేదీని 3కి జరపమని కొత్తవాళ్లను అడగాలి. జనవరి ఆఖరి వారంలో అడిగితే రెండు చోట్లా ఇబ్బందే.

ఎప్పుడూ నెలల లెక్కే ఎక్కువ వస్తుందనుకోకండి. 2026 ఫిబ్రవరి 2న ఒక నెల నోటీస్ ఇస్తే మార్చి 2కి అయిపోతుంది. 30 రోజులైతే మార్చి 4 దాకా ఉండాలి.

నెలాఖరున రాజీనామా ఇస్తే మరో చిక్కు ఉంది. జనవరి 31న ఒక నెల నోటీస్ ఇస్తే ఫిబ్రవరిలో 31 లేదు కాబట్టి ఆ నెల ఆఖరి రోజైన 28 దగ్గర ఆగాలి. ఎక్సెల్‌లో రాజీనామా తేదీ A1లో ఉంటే, రాజీనామా రోజును వదిలేసే పద్ధతికి ఇలా రాయండి. మొదటిది నెలలకు, రెండోది రోజులకు:

```
=EDATE(A1,2)
=A1+60
```

రెండు నెలలను ఒకేసారి కలపండి. ఒక నెల కలిపి, వచ్చిన జవాబుకు ఇంకో నెల కలిపితే జనవరి 31 కాస్తా ఫిబ్రవరి 28 మీదుగా మార్చి 28కి చేరుతుంది. అసలు రావలసింది మార్చి 31.

అభ్యాసం: 2026 జనవరి 29న ఒకరు, 30న మరొకరు రాజీనామా ఇచ్చారు. ఇద్దరికీ నెల లెక్కన, 30 రోజుల లెక్కన చివరి తేదీలు కట్టండి. ఒకరికి రెండూ ఒకటే వస్తాయి, ఇంకొకరికి రావు. వచ్చే పాఠంలో జవాబులు చూసి, నోటీస్‌లో తక్కువైన రోజులకు జీతం ఎలా కోస్తారో లెక్క కడదాం.