డ్రిల్ బ్యాటరీ చార్జ్ ఎక్కడం లేదా? సమస్య - పరిష్కారం

ఆరు నెలలు అల్మరాలో పడి ఉన్న నా 18 వోల్టుల డ్రిల్ బ్యాటరీని చార్జర్‌లో పెడితే ఎర్ర, ఆకుపచ్చ లైట్లు ఒకదాని తర్వాత ఒకటి గబగబా మిణుకుమన్నాయి. దుకాణానికి తీసుకెళ్తే, విప్పకుండానే "పోయిందండీ, కొత్తది తీసుకోండి" అన్నారు. కొత్త ప్యాక్ ధర వినగానే ఇంటికి తెచ్చి నేనే విప్పాను. ఐదు సెల్లుల్లో నాలుగు నిక్షేపంగా ఉన్నాయి.

ముందు చార్జర్‌ను అనుమానించాలి. అదే రకం బ్యాటరీ మరొకటి ఉంటే పెట్టి చూడండి. అదీ ఎక్కకపోతే తప్పు చార్జర్‌దే. ఎక్కితే, మొరాయిస్తున్న ప్యాక్ రేకులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెట్టండి. సిమెంటు దుమ్ము పట్టినా చార్జర్ దానిని పాడైన బ్యాటరీగానే లెక్క వేస్తుంది.

లైటు "వేచి ఉండు" అంటుంటే

లైట్ల భాష ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. చార్జర్ వెనుక స్టిక్కర్ మీద బొమ్మలతో ఉంటుంది, అదే ప్రమాణం. థర్మామీటర్ బొమ్మ పక్కన ఉన్న సంకేతం వెలిగితే ప్యాక్ వేడిగానో మరీ చల్లగానో ఉందని అర్థం. లిథియం సెల్లులను సుమారు 0 నుంచి 45 డిగ్రీల మధ్యే చార్జ్ చేయాలి. కాంక్రీటు గోడకు పది రంధ్రాలు వేసి వెంటనే చార్జర్‌లో పెడితే అది ఒప్పుకోదు. రేకుల షెడ్డులో, మే నెల మధ్యాహ్నమైతే ప్యాక్ తనంతట తాను చల్లారదు కూడా. నీడలో ఫ్యాను కింద అరగంటో గంటో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు, బయటకు తీయగానే లోపల తేమ చేరుతుంది.

రాత్రంతా చల్లారినా అదే లైటు వెలిగితే, ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్ తీగ ఊడిందేమో చూడాలి. చాలా ప్యాకుల్లో అది 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు చూపించే రకం. మల్టీమీటరు అనంతం చూపిస్తే తీగ తెగినట్టే.

లైటు "పాడైంది" అంటుంటే

నా కథ ఇక్కడే. ఉబ్బినా, తీపి వాసన వచ్చినా, ఒక్కసారి నీళ్లలో పడినా ప్యాక్‌ను విప్పవద్దు. మిగతావాటిని ఉంగరం, గడియారం తీసేసి విప్పండి. స్క్రూడ్రైవర్ జారి రెండు నికెల్ పట్టీలకు తగిలితే నిప్పులు రాలతాయి.

బయటి రేకుల దగ్గర నా ప్యాక్ 15.9 వోల్టులు చూపించింది. ఐదుతో భాగిస్తే సెల్లుకు 3.18, వినడానికి బాగానే ఉంది. ఆ మొత్తమే మోసం చేసేది. ఒక్కో సెల్లు కొలిస్తే 3.45, 3.44, 3.46, 3.45, చివరిది 2.10. కొన్ని ప్యాకుల్లో లోపలి బోర్డు తన కరెంటును ఒకే సెల్లు నుంచి లాగుతుంది. నెలల తరబడి వాడకుండా ఉంచితే ఆ ఒక్కటే ఎండిపోతుంది. బోర్డు దాన్ని చూసి చార్జింగ్ ఆపేస్తుంది. తేడా ఇంకా చిన్నగా ఉన్నప్పుడు లక్షణం వేరు: చార్జర్ త్వరగా నిండిందంటుంది, డ్రిల్ రెండు నిమిషాలకే ఆగిపోతుంది.

బలహీనమైన ఆ ఒక్క సెల్లుకే విడిగా చార్జ్ ఇవ్వాలి. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో TP4056 బోర్డు అడిగితే ఇస్తారు, అది ఒక్క లిథియం సెల్లును చార్జ్ చేసే చిన్న బోర్డు. దాన్ని మంచి ఫోను అడాప్టర్‌కు కలిపి, తీగలు ఆ సెల్లు రెండు చివరలకే తగిలించండి. ప్లస్, మైనస్ రెండుసార్లు సరిచూసుకోండి. సెల్లు బాగా దిగి ఉంటే ఆ బోర్డు మొదట సన్నగా, పదో వంతు కరెంటుతో మొదలుపెడుతుంది. అందుకే 12 వోల్టుల కారు బ్యాటరీ తగిలించి "లేపే" పద్ధతికంటే ఇది మేలు. పక్కనే కూర్చోండి, సెల్లు చేతికి వేడిగా తగిలితే ఆపేయండి. 3.45కు రాగానే తీగలు తీసి అరగంట ఆగి మళ్లీ కొలవండి, చార్జింగ్‌లో ఉన్నప్పుడు మీటరు కాస్త ఎక్కువే చూపిస్తుంది.

అసలు పరీక్ష మర్నాడు. నాది రాత్రి 3.45 ఉండి, మర్నాడు 3.44 చూపించింది. చార్జర్‌లో పెడితే మామూలుగా నిండింది. అదే ఒక్క రోజులో 3.2కు పడిపోయి ఉంటే ఆ సెల్లు లోపలే కారిపోతున్నట్టు, దానికి చార్జ్ ఇవ్వడం వృథా. అలాగే 1.5 కంటే కిందికి దిగిపోయి ఎన్నాళ్లో పడి ఉన్నదాన్ని నేను తిరిగి లేపను. లోపల రాగి కరిగి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది. పాత నాలుగింటి మధ్య ఒక్క కొత్త సెల్లు అతికించినా కొన్నాళ్లకు మళ్లీ ఇదే తేడా వస్తుంది, మారిస్తే ఐదూ మార్చాలి, అదీ స్పాట్ వెల్డింగ్‌తో. సాల్డరింగ్ వేడి సెల్లును దెబ్బతీస్తుంది.

చేతి వాక్యూమ్ క్లీనర్‌కూ ఇదే లెక్క. 21.6 వోల్టులని రాసి ఉంటే లోపల వరుసగా ఆరు సెల్లులు.

బాగైన ప్యాక్‌ను మొదటి రెండు మూడు సార్లు పరుపు పక్కన కాకుండా బండల నేల మీద, మెలకువగా ఉన్నప్పుడే చార్జ్ చేశాను. ఇప్పుడు రెండు నెలలకోసారి బయటకు తీసి ఐదు సెల్లులూ కొలుస్తున్నాను.