బ్రహ్మోత్సవాలకు కెమెరాతో తిరుమల వెళ్లేవారికి జాగ్రత్తలు

డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. తిరుమలలో ఎగరేయడం నిషిద్ధం. 2025 ఏప్రిల్‌లో ఓ యూట్యూబర్ ఎగరేసి విజిలెన్స్ సిబ్బందికి దొరికిపోయాడు. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ లైసెన్స్ అక్కర్లేదన్న నిబంధన నిజమే, కానీ అది విమానయాన శాఖ ఇచ్చిన మినహాయింపు. కొండ మీద టీటీడీ నిషేధానికి, డ్రోన్ బరువుకు సంబంధం లేదు.

ఘాట్ రోడ్డు పక్కనుంచి ఎగరేద్దాం అనుకోకండి. చుట్టూ ఉన్నది శేషాచలం అడవి, అటవీ శాఖ అనుమతి లేకపోతే అది ఇంకో కేసు.

ఫోన్, కెమెరా, స్మార్ట్ వాచ్ క్యూలోకి వెళ్లే ముందే గదిలో పెట్టండి, లేదా డిపాజిట్ కౌంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. తనిఖీలో బయటపడితే వెనక్కి వెళ్లాలి, దర్శనం టైమ్ స్లాట్ చేజారే ప్రమాదం ఉంది.

ఆలయం ముందు, మాడ వీధుల్లో డాన్సులు, ప్రాంక్‌లు, రీల్స్ వద్దు. 2024లో క్యూ కాంప్లెక్స్‌లో తీసిన ప్రాంక్ వీడియో కేసుదాకా వెళ్లింది.

మరి వీడియోకు దృశ్యాలెలా? వాహన సేవలను ఎస్వీబీసీ ప్రత్యక్ష ప్రసారం చేస్తుంది. మనకు గ్యాలరీలో దొరకని కోణాలు అందులో ఉంటాయి. వాడుకోవాలంటే ముందే అనుమతి అడగండి, లేకపోతే కాపీరైట్ స్ట్రైక్ పడొచ్చు. గర్భాలయం గురించి చెప్పాలంటే చేత్తో గీసిన బొమ్మ చాలు. రహస్యంగా తీసిన మసక క్లిప్ కంటే అదే స్పష్టంగా ఉంటుంది.