పెళ్లి వీడియోకి కాపీరైట్ క్లెయిమ్ వస్తే ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో జరిగిన పెళ్లి వీడియో ఒకటి యూట్యూబ్‌లో పెట్టారనుకుందాం. కాసేపటికే రెండు క్లెయిములు వచ్చాయి. ఒకటి ఊరేగింపులో డీజే వేసిన సినిమా పాటకి, రెండోది తాళి కట్టే ముందు మేళం వాళ్లు నాదస్వరం మీద వాయించిన త్యాగరాజ కీర్తనకి. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ మొదటిది నిజమైన క్లెయిమ్, రెండోది పొరపాటు, కాబట్టి రెండింటికీ చేయాల్సిన పని వేరు.

1. ముందు వచ్చింది ఏంటో చూడండి

యూట్యూబ్ స్టూడియోలో Content లోకి వెళ్లి, ఆ వీడియో పక్కన Restrictions కింద ఉన్న Copyright మీద నొక్కితే ఎవరు, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా క్లెయిమ్ చేశారో కనిపిస్తుంది. ఇది కంటెంట్ ఐడీ అనే యంత్రం పట్టుకున్న క్లెయిమ్ అయితే టెన్షన్ పడక్కర్లేదు, దానివల్ల ఛానల్‌కి స్ట్రైక్ రాదు. హక్కుదారు వీడియో మీద వచ్చే యాడ్ డబ్బులు తీసుకోవచ్చు, లేదా వీడియో కనపడకుండా ఆపొచ్చు, లేదా ఊరికే లెక్కలు చూసుకోవచ్చు. స్ట్రైక్ అంటే హక్కుదారు వీడియో తీసేయమని చట్టప్రకారం అడిగి, యూట్యూబ్ దాన్ని తీసేసినప్పుడు ఛానల్ మీద పడే హెచ్చరిక.

2. సినిమా పాట దగ్గర వాదించకండి

"పెళ్లిలో పాట వేసుకోవచ్చని చట్టంలోనే ఉంది కదా" అని చాలామంది అంటారు. నిజమే, మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పెళ్లి వేడుకలకి ఆ వెసులుబాటు ఇచ్చింది, కానీ అది వేడుకలో వినిపించడానికి ఇచ్చింది, ఆ రికార్డింగ్‌ని ఊరంతా చూసేలా నెట్‌లో పెట్టడానికి కాదు. పది సెకన్లే వాడాం, కింద క్రెడిట్ ఇచ్చాం అనేవి కూడా పనిచేయవు.

ఇక్కడ మీకు మూడు దారులున్నాయి: ఆ ముక్క కత్తిరించడం, యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోని వేరే పాట పెట్టడం, లేదా ఆ భాగం సౌండ్ తీసేయడం. సౌండ్ మొత్తం తీసేస్తే పాటతో పాటు పక్కన మాట్లాడే అమ్మమ్మ గొంతు కూడా పోతుంది, కాబట్టి పాట ఒక్కటే తీసేసే ఆప్షన్ కనిపిస్తే ముందు అది చేసి విని చూడండి. మాటల మీద పాట బాగా గట్టిగా పడిన చోట అది సరిగ్గా విడదీయలేదు, అప్పుడు కత్తిరించడమే మేలు. మార్పు సరిగ్గా సేవ్ అయితే ఆ క్లెయిమ్ దానంతటదే పోతుంది.

3. కీర్తనకి మాత్రం డిస్ప్యూట్ వేయండి

త్యాగరాజస్వామి 1847లో పోయారు, ఆయన కృతి మీద ఇవాళ ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ అదే కృతిని ఏదో కంపెనీ రికార్డు చేసి ఉంటే ఆ రికార్డింగ్ మీద వాళ్లకి హక్కు ఉంటుంది. రాగం, వరస దగ్గరగా ఉండటంతో మీ మేళాన్ని కూడా ఆ రికార్డింగే అనుకుని యంత్రం పట్టుకుంటుంది. డిస్ప్యూట్‌లో సూటిగా రాయండి: "కృతి త్యాగరాజుది. వాయించింది మా పెళ్లి మేళం, వాళ్ల అనుమతితో అక్కడే రికార్డు చేశాం, మీ రికార్డింగ్ ఇందులో లేదు." ఇది నిజమైతేనే రాయాలి, స్పీకర్‌లో సీడీ వేసి ఉంటే కుదరదు.

హక్కుదారుకి 30 రోజుల గడువు ఉంటుంది. వాళ్లు పలక్కపోతే క్లెయిమ్ పోతుంది. ఛానల్‌కి యాడ్ డబ్బులు వస్తుంటే క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపే డిస్ప్యూట్ వేయండి, అప్పుడు మొదటి రోజు నుంచి డబ్బులు ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచుతారు. వాళ్లు కాదంటే అప్పీల్ చేయొచ్చు, దానికి వాళ్లు 7 రోజుల్లో తేల్చాలి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అప్పీల్‌ని కూడా ఒప్పుకోకపోతే వాళ్లు వీడియో తీసేయించొచ్చు, అప్పుడు స్ట్రైక్ పడుతుంది. అందుకే సినిమా పాట మీద ఈ దారి పట్టొద్దనేది.

4. స్ట్రైక్ పడితే

మొదటి స్ట్రైక్‌కి కాపీరైట్ స్కూల్ అనే చిన్న పాఠం పూర్తి చేయాలి, 90 రోజులకి స్ట్రైక్ పోతుంది. ఆ 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ మొత్తం పోయే పరిస్థితి. భయపడి వీడియో డిలీట్ చేసినా స్ట్రైక్ మాత్రం పోదు.

మన కీర్తనకి పడితే కౌంటర్ నోటీస్ పంపండి. ఇది అమెరికా చట్టం కింద నడిచే కాగితం. మీ అసలు పేరు, అడ్రసు, ఫోన్ నంబర్ అవతలివాళ్లకి వెళ్తాయి, అబద్ధం చెబితే శిక్షకి ఒప్పుకుంటున్నానని, అవసరమైతే కాలిఫోర్నియా కోర్టు పరిధికి ఒప్పుకుంటానని రాసి ఇవ్వాలి. యూట్యూబ్ దాన్ని హక్కుదారుకి పంపాక, 10 అమెరికా పనిదినాల్లో వాళ్లు కోర్టుకి వెళ్లినట్టు రుజువు చూపించకపోతే వీడియో తిరిగొస్తుంది, స్ట్రైక్ తీసేస్తారు.

స్ట్రైక్ సినిమా పాటకి పడిందంటే కౌంటర్ నోటీస్ జోలికి పోకండి. ఆ మ్యూజిక్ కంపెనీకి మెయిల్ రాసి, ఆ వీడియో ఇక మళ్లీ పెట్టబోమని చెప్పి ఫిర్యాదు వెనక్కి తీసుకోమని అడగండి, ఒప్పుకోకపోతే 90 రోజులు అయ్యేదాకా ఆగండి.