సిమ్ బ్లాక్ చేయించినా పోయిన ఫోన్‌లో వాట్సాప్ నడుస్తుంటే

సమస్య: ఫోన్ పోగానే సిమ్ బ్లాక్ చేయించారు. అయినా మర్నాడు స్నేహితులు "నువ్వు ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నావేంటి?" అని అడుగుతున్నారు.

కారణం: వాట్సాప్‌కి సిమ్‌తో పని ముఖ్యంగా రిజిస్టర్ చేసేటప్పుడే. ఆ తర్వాత ఇంటర్నెట్ ఉంటే చాలు. ఫోన్ లాక్ తీయగలిగినవాడికి ఏదో ఒక వైఫై దొరికితే చాట్లన్నీ తెరుచుకుంటాయి. అలాగని సిమ్ బ్లాక్ చేయడం మానొద్దు. లేదంటే వాడు మీ సిమ్‌ని ఇంకో ఫోన్‌లో వేసి కోడ్ తెప్పించుకుంటాడు.

పరిష్కారం: అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుని, వేరే ఫోన్‌లో వాట్సాప్ రిజిస్టర్ చేయండి. ఎస్ఎంఎస్‌లో వచ్చే 6 అంకెల కోడ్ కొట్టగానే పాత ఫోన్‌లో అకౌంట్ లాగౌట్ అయిపోతుంది. కొత్త సిమ్‌కి ఎస్ఎంఎస్‌లు మొదలవడానికి కొన్నిచోట్ల కొంత టైమ్ పడుతుంది. అలాంటప్పుడు కోడ్‌ని కాల్ ద్వారా అడగండి, అంతేగానీ మళ్లీ మళ్లీ నొక్కకండి. నొక్కినకొద్దీ ఆగాల్సిన సమయం పెరుగుతుంది.

సిమ్ చేతికొచ్చేలోపు ఊరికే కూర్చోవద్దు. ఇంట్లోవాళ్ల ఫోన్‌లో `android.com/find` లేదా `iCloud.com/find` తెరిచి పోయిన ఫోన్‌ని లాక్ చేయండి. అది ఇంటర్నెట్‌కి తగిలినప్పుడే లాక్ పడుతుంది. మీ పేరుతో డబ్బులడిగితే ఇవ్వొద్దని దగ్గరివాళ్లకి కాల్ చేసి చెప్పండి.

సమస్య: కోడ్ సరిగ్గానే కొట్టినా, మీరెప్పుడూ పెట్టని పిన్ అడుగుతోంది.

కారణం: దొంగ టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఉంటాడు. ఇక్కడ చాలామంది టెన్షన్ పడతారు గానీ, మీరు ఎస్ఎంఎస్ కోడ్ కొట్టినప్పుడే వాడు లాగౌట్ అయిపోయాడు. పిన్ లేకుండా లోపలికి వెళ్లాలంటే మాత్రం మీరు 7 రోజులు ఆగాలి. లోపలికి వెళ్లగానే మీ సొంత పిన్ పెట్టుకుని, లింక్డ్ డివైజెస్‌లో తెలియనివేమైనా ఉంటే తీసేయండి.

సమస్య: లాగిన్ అయింది, కానీ కొన్ని చాట్లు లేవు.

కారణం ఒక ఉదాహరణతో చూద్దాం. సోమవారం రాత్రి బ్యాకప్ అయింది, మంగళవారం సాయంత్రం ఫోన్ పోయింది, బుధవారం సిమ్ వచ్చింది. సోమవారం వరకు ఉన్న చాట్లు బ్యాకప్‌లోంచి వస్తాయి. మంగళవారం పగలు పాత ఫోన్‌కి చేరినవి అందులోనే ఉండిపోతాయి. ఫోన్ ఆఫ్‌లో ఉండగా వచ్చినవి సర్వర్‌లో ఆగి, కొత్త ఫోన్‌కి వచ్చేస్తాయి.

పరిష్కారం: రిజిస్టర్ చేసేముందే, పాత ఫోన్‌లో బ్యాకప్‌కి వాడిన గూగుల్ లేదా ఐక్లౌడ్ అకౌంట్‌నే కొత్త ఫోన్‌లో పెట్టండి. రీస్టోర్ అడిగితే దాటేయకండి. పొరపాటున దాటేస్తే, కొత్త బ్యాకప్ పాతదాన్ని చెరిపేయకముందే యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.