బాడుగ ఆలస్యమైతే మాట చెడకుండా ఎలా అడగాలి?

అనంతపురంలో మా ఇంటి పై పోర్షన్ బాడుగకిచ్చి చాలా ఏళ్లయింది. బాడుగ ఆలస్యమైతే నాకు కోపం కంటే మొహమాటమే ముందు వచ్చేది. రెండు వారాలు ఊరుకుని, చివరికి ఒక్కసారిగా గట్టిగా అనేసేదాన్ని. అది ఇద్దరికీ బాధే. ఇప్పుడు ఎలా అడుగుతున్నానో పోయిన జూన్ బాడుగ విషయంలో జరిగినదాన్ని బట్టి చెబుతాను.

ముందు మన లెక్క చూసుకోవాలి

బాడుగ 8,500. జూన్ నెలది జూలై 5 లోపు ఇవ్వాలని మాట. 8వ తేదీ వచ్చినా రాలేదు. అడిగే ముందు నా ఖాతాతో పాటు మా ఆయన ఖాతా, మా అబ్బాయి ఖాతా కూడా చూశాను. ఒకసారి బాడుగకున్న ఒక అమ్మాయి మా అబ్బాయి నంబరుకు ఫోన్‌పే చేసిన బాడుగను రాలేదనుకుని అడిగేశాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోవడం నాకింకా గుర్తుంది. ఒప్పందం కాగితంలో ఏ తేదీ రాసుకున్నామో కూడా చూడండి. నోటిమాటగా "నెల మొదట్లో" అనుకుని ఉంటే 8వ తేదీకి ఆలస్యమైందని అనలేం.

మొదటి మెసేజ్: నెల, మొత్తం, తేదీ

మెట్ల దగ్గర, పిల్లల ముందు, వీధిలో నలుగురు వినేలా అడగకూడదు. వాళ్లకే విడిగా వాట్సాప్ పెట్టాలి. శుక్రవారం వద్దు. ఆ రోజు డబ్బు బయటికివ్వని ఇళ్లు మనవైపు చాలా ఉన్నాయి, అడిగినా రేపటికి వాయిదా పడుతుంది. నేను పెట్టింది ఇది:

"నమస్తే తమ్ముడూ. జూన్ బాడుగ 8,500 జూలై 5కి రావాలి, ఇంకా అందలేదు. ఈపాటికే వేసి ఉంటే స్క్రీన్‌షాట్ పంపు. లేకపోతే ఏ తేదీకి వేస్తావో ఈ రోజు సాయంత్రంలోపు చెప్పు."

ఇందులో చివరి వాక్యమే ముఖ్యం. "కొంచెం చూడు తమ్ముడూ" అంటే "చూస్తానక్కా" అని జవాబొస్తుంది, దాన్ని పట్టుకుని మళ్లీ అడగడానికి ఏమీ ఉండదు. తేదీ అడిగితే ఆ మాట వాళ్లే ఇచ్చినట్టవుతుంది. మనకూ ఇబ్బందిగా ఉందనో, ఈఎంఐ కట్టాలనో సంజాయిషీ రాయక్కర్లేదు. అది రాస్తే మాట బాడుగ మీద నుంచి ఎవరి కష్టం ఎక్కువ అన్నదాని మీదికి పోతుంది.

"అడ్వాన్స్‌లో పట్టుకోండక్కా" అన్నప్పుడు

ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. పిల్లల స్కూల్ ఫీజు, పుస్తకాలకే జీతం అయిపోయిందన్నాడు. అబద్ధం కాదు, జూన్‌లో ఏ ఇంట్లోనైనా అంతే. తర్వాత అడ్వాన్స్ మాట ఎత్తాడు. చాలామంది ఇక్కడే సరే అనేస్తారు. నేను ఒప్పుకోలేదు. అడ్వాన్స్ ఉండేది ఇల్లు ఖాళీ చేసే రోజు కోసం: మిగిలిన కరెంటు బిల్లు, పగిలిన కుళాయి, సున్నాలు. అందులోంచి ఒక నెల తీస్తే ఆ లోటును మళ్లీ పూడ్చమని అడగడం బాడుగ అడగడం కంటే కష్టం.

"అడ్వాన్స్ నీదే తమ్ముడూ, ఖాళీ చేసేటప్పుడు లెక్క చూసి ఇస్తాను. దాన్ని కదిలించొద్దు. ఇప్పుడు ఎంత వేయగలవు, మిగతాది ఎప్పుడు?" అన్నాను. 15న 5,000, 25న 3,500 అన్నాడు. ఫోన్ పెట్టగానే అదే మాట మెసేజ్‌గా పంపి, "సరే" అని జవాబు తెప్పించుకున్నాను. ఫోన్లో అనుకున్నది పది రోజులకు ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది.

కొంత డబ్బు వచ్చిన రోజున

15న 5,000 వచ్చింది. వెంటనే రాశాను: "5,000 అందింది, జూన్ బాడుగలో జమ. ఇంకా 3,500, 25వ తేదీకి." ఏ నెలకు జమో రాయకపోతే తర్వాతి నెల డబ్బుతో కలిసిపోయి, ఎంత బాకీ ఉందో తేలదు.

చెప్పిన తేదీ దాటితే

25న రాలేదు. ఆ రాత్రి అడగలేదు, మర్నాడు ఉదయం అడిగాను. ఈసారి గొంతు పెంచలేదు కానీ మాట తగ్గించాను: "తమ్ముడూ, నిన్నటికి చెప్పిన 3,500 రాలేదు. 28 సాయంత్రంలోపు వేయాలి. ఆగస్టు 5కి జూలై బాడుగ 8,500 కూడా ఉంది. రెండూ ఒక్కసారి మీద పడితే నీకే కష్టం." వేయకపోతే ఏం చేస్తామో నిజంగా చేయగలిగితేనే రాయాలి. "సామాన్లు బయట పడేస్తా" లాంటిది రాస్తే రేపు మన మీదే సాక్ష్యం. నీళ్ల మోటార్ ఆపడం, కరెంటు తీసేయడం, తాళం వేయడం అసలు వద్దు. బాకీ ఎంతున్నా అలా చేసే హక్కు మనకు లేదు, పైగా న్యాయం వాళ్లవైపు తిరుగుతుంది.

రెండు నెలలు పేరుకుంటే మెసేజ్‌లతో పని కాదు. బాకీ నెలవారీగా రాసి, తేదీ వేసి, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాలి. ఖాళీ చేయించడానికి ఇచ్చే నోటీసు వేరు, అది ఒప్పందం కాగితం చూసి వకీలు రాయాల్సింది. అప్పటిదాకా పెట్టిన మెసేజ్‌లన్నీ చెరపకుండా ఉంచితే ఆయనకు పనికొస్తాయి.

మాకు అంతదాకా రాలేదు. 28 మధ్యాహ్నం 3,500 పడింది. "జూన్ బాడుగ పూర్తిగా అందింది తమ్ముడూ" అని పెట్టి, జీతం 7న వస్తుందని చెప్పాడు కాబట్టి ఇకపై గడువు 8వ తేదీకి మార్చుకుందామా అని అడిగాను. ఒప్పుకున్నాడు. ఆ మార్పు కూడా రాసుకున్నాం.