అడగడం నేర్చుకుందాం, 6వ పాఠం: నాయన డయాలసిస్‌కు ఆఫీసు వేళలు కుదుర్చుకోవడం

గత పాఠంలో ఒక్కసారి పడే సెలవు ఎలా అడగాలో చూశాం. పెళ్లి, ఆపరేషన్, ఊళ్లో పొలం రిజిస్ట్రేషన్ లాంటివన్నమాట. వాటికి ఫలానా రోజున తిరిగి వస్తానని చెప్పొచ్చు. ఈసారి విషయం అలాంటిది కాదు. కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నవాళ్లకు డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు జరుగుతుంది. కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప అది ఆగదు. అందుకే ఈ పాఠంలో నేను చెప్పేది ఒకటే: దీనికి సెలవు అడగకండి, వేళల ఏర్పాటు అడగండి.

ఎందుకో లెక్క చూద్దాం. వారానికి మూడు చొప్పున ఏడాదికి 156 రోజులు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి ఏడాదికి 15 రోజుల జీతంతో కూడిన సెలవు వస్తుంది. 12 రోజుల క్యాజువల్ లీవు, 12 రోజుల సిక్ లీవు దానికి అదనం. అన్నీ కలిపినా 39. సిక్ లీవు మన జబ్బుకే గానీ నాయన జబ్బుకు కాదు. ప్రైవేటు ఉద్యోగికి తల్లిదండ్రుల డయాలసిస్ కోసమని చట్టంలో ప్రత్యేక సెలవేమీ లేదు. అంటే సెలవు మీద సెలవు పెడుతూ పోతే మూడు నెలల్లోనే చేతులెత్తేయాల్సి వస్తుంది. అప్పటికి మేనేజర్‌కు కూడా విసుగు పుట్టి ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆమె పేరు లక్ష్మి అనుకుందాం. కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు ఒక బైకుల షోరూంలో అకౌంట్స్ చూస్తుంది. పని ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 దాకా, మధ్యలో గంట భోజనం, ఆదివారం సెలవు. ఇల్లు కల్లూరులో, మేడ మీద. నాయనకు మంగళ, గురు, శనివారాల్లో పొద్దున షిఫ్టు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. తమ్ముడు హైదరాబాదులో ఉన్నాడు.

మొదటి మెట్టు: ఆ నాలుగు గంటల్లో మీరు ఎప్పుడు అవసరం?

మేనేజర్ దగ్గరకు పోయే ముందు డయాలసిస్ టెక్నీషియన్‌తో మాట్లాడండి. చాలామంది ఈ మెట్టు ఎక్కకుండానే "సార్, మధ్యాహ్నం దాకా రాలేను" అని అడిగేస్తారు. టెక్నీషియన్‌ను అడగాల్సినవి ఇవి: మిషన్ ఎన్ని గంటలకు మొదలవుతుంది, సూదులు ఎప్పుడు తీస్తారు, మధ్యలో తోడు మనిషి అక్కడే ఉండాలా, ఫోన్‌లో అందుబాటులో ఉంటే చాలా, ఉండాలంటే వేరే ఎవరైనా ఉండొచ్చా. ఈ నియమం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

లక్ష్మి అడిగితే తేలింది ఇది. 6:15కు సెంటర్‌కు చేరాలి. బరువు, బీపీ చూసి, చేతిలో రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులాకు సూదులు పెట్టి 6:45కు మిషన్ మొదలుపెడతారు. 10:45కు నాలుగు గంటలు పూర్తవుతాయి. గొట్టాల్లోని రక్తాన్ని లోపలికి పంపి, సూదులు తీసి, ఆ చోట పది పదిహేను నిమిషాలు అదిమి పట్టాలి. తర్వాత మళ్లీ బీపీ చూసి 11:20 ప్రాంతంలో పంపిస్తారు. మధ్యలో అమ్మ కూర్చుంటే సరిపోతుందన్నారు.

కాబట్టి లక్ష్మి ఉండాల్సింది మొదట్లో, చివర్లో. మొదటి భాగం ఆఫీసు వేళ కంటే ముందే అయిపోతుంది. చివరి భాగం మాత్రం తప్పదు. ఒంట్లో చేరిన నీరు తీసేశాక బీపీ పడిపోయి కళ్లు తిరిగే అవకాశం ఉంటుంది కాబట్టి నాయనను స్కూటర్ వెనక కూర్చోబెట్టకూడదు. ఆటోలో తీసుకుపోయి, చెయ్యి పట్టుకుని మేడ మెట్లు ఎక్కించాలి. అది అమ్మ వల్ల కాదు. ఆఫీసులో 10:50కు బయలుదేరితే 11:05కు సెంటర్, 11:40కు ఇల్లు, 12:10కు మళ్లీ సీటు. బయట ఉండేది 80 నిమిషాలు. "మధ్యాహ్నం దాకా రాలేను" అన్న మాట "10:50 నుంచి 12:10 దాకా ఉండను" అనే మాటగా మారిపోయింది. మేనేజర్ ఒప్పుకోగలిగింది రెండోదే.

రెండో మెట్టు: ఆ 80 నిమిషాల్లో ఆఫీసులో ఏం జరుగుతుంది?

మేనేజర్ ఆలోచించేది మీ గంటల గురించి కంటే ఆ వేళలో ఆగిపోయే పని గురించే ఎక్కువ. లక్ష్మికి ఆ సమయంలో రెండు పనులుంటాయి: డెలివరీ బిల్లులు, ముందురోజు క్యాష్ బ్యాంకులో కట్టడం.

బిల్లుల సంగతి చూద్దాం. మంగళవారం, శనివారం కొత్త బండి ఇంటికి తెచ్చుకునేవాళ్లు మన దగ్గర తక్కువ. ఆ రెండు రోజులు పక్క సీటులోని అబ్బాయి చూసుకోగలడు. గురువారమే కొంచెం ఇబ్బంది. ఆ రోజు డెలివరీలకు బుధవారం సాయంత్రమే బిల్లులు సిద్ధం చేసి పెడతానని చెప్పొచ్చు. పక్క సీటు అబ్బాయిని మాత్రం ముందే అడగాలి. మేనేజర్ ఎదుట అతని పేరు చెప్పి, ఆ తర్వాత అతన్ని ఒప్పించబోతే బాగుండదు.

ఇక క్యాష్. ఎలాగూ బయటకు పోతున్నాను కదా, దారిలో బ్యాంకులో కట్టేస్తాను అని చెప్పాలనిపిస్తుంది. చెప్పకండి. క్యాష్ బ్యాగ్ పట్టుకుని ఆస్పత్రికి పోతారా అని ఏ మేనేజరైనా అడుగుతాడు, అడగాలి కూడా. తిరిగొచ్చాక 12:30కు బ్యాంకుకు పోతానంటే సరిపోతుంది. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకు ఎలాగూ ఉండదు.

మూడో మెట్టు: పోయిన సమయానికి లెక్క

వారానికి 80 నిమిషాలు మూడుసార్లు, అంటే నాలుగు గంటలు. అంతా తిరిగి పనిచేసి ఇస్తానని మాటివ్వడం తేలిక. కానీ వారానికి మూడు రోజులు తెల్లవారుజామున ఐదింటికి లేచే మనిషి రోజూ రాత్రిదాకా కూర్చోలేదు. నా సలహా, సగం పని రూపంలో, సగం సెలవు రూపంలో ఇవ్వండి. లక్ష్మి సోమ, బుధ, శుక్రవారాల్లో 7:10 దాకా ఉంటుంది. అది 40 నిమిషాల చొప్పున రెండు గంటలు. సాయంత్రం క్యాష్ టాలీ అయ్యే వేళ కాబట్టి షోరూంకు కూడా పనికొచ్చే సమయమే. మిగిలిన రెండు గంటలు నెలకు లెక్కేస్తే దాదాపు ఒక పనిరోజు. నెలకు ఒక క్యాజువల్ లీవు కోసుకోమని ఆమే చెబుతుంది. అప్పుడు 15 రోజుల సెలవు ముట్టుకోకుండా మిగులుతుంది. అది అత్యవసరానికి.

అత్యవసరం తప్పకుండా వస్తుంది. ఈ షిఫ్టులో శనివారం తర్వాత మళ్లీ డయాలసిస్ మంగళవారమే. మధ్యలో ఆదివారం, సోమవారం ఒంట్లో నీరు చేరుతుంది. సోమవారం రాత్రి పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు ఎక్కువైతే మంగళవారం దాకా ఆగకుండా ఆస్పత్రికి పోవాల్సి రావచ్చు. అందుకే మంగళవారం పొద్దున ఏ ముఖ్యమైన పనీ నెత్తిన వేసుకోకండి. ఇంకొకటి, రోజూ ఫిస్టులా మీద వేళ్లు పెట్టి చూడండి. సన్నగా అదురుతూ ఉండాలి. ఆ అదురు ఆగిపోతే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. తర్వాతి డయాలసిస్ రోజు కోసం చూడకుండా అప్పుడే డాక్టర్‌కు చెప్పాలి. ఆ రోజు మీకు పూర్తి సెలవు పడుతుంది.

నాలుగో మెట్టు: మాట్లాడటం

నెలాఖరులో, దసరా బుకింగుల హడావుడిలో అడగకండి. "సార్, ఇంటి విషయం, పదిహేను నిమిషాలు కావాలి" అని ముందురోజే చెప్పి కూర్చోండి. నెఫ్రాలజిస్టు రాసిచ్చిన కాగితం ఒకటి చేతిలో ఉండాలి. అందులో పేరు, వారానికి ఎన్నిసార్లు, ఏ రోజులు, ఏ షిఫ్టు అన్నది ఉంటే చాలు. రిపోర్టుల కట్టంతా చూపించాల్సిన పని లేదు.

మాట ఇలా సాగొచ్చు.

"సార్, మా నాయనకు డయాలసిస్ మొదలైంది. మంగళ, గురు, శనివారాలు. నాకు సెలవు వద్దు సార్. ఆ మూడు రోజులు 10:50 నుంచి 12:10 దాకా బయటకు పోయి రానివ్వండి."

"ఎన్నాళ్లమ్మా ఇది?"

చాలామంది జారిపోయేది ఇక్కడే. భయపడి "కొన్నాళ్లే సార్" అంటారు. ఆరు నెలల తర్వాత అదే మాట మెడకు చుట్టుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

"ఇది ఆగేది కాదు సార్. అందుకే రెండు నెలలు చూడండి. పనికి ఎక్కడైనా ఇబ్బంది అయితే కూర్చుని మారుద్దాం."

"మీ తమ్ముడు లేడా?"

ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోవద్దు. "హైదరాబాదులో ఉన్నాడు సార్. నేను ఊళ్లో లేని రోజు, పండగ డెలివరీల రోజు మా చిన్నాయన కొడుకు పోతాడు, అడిగి పెట్టుకున్నా" అంటే చాలు. పండగలకు డయాలసిస్ ఆగదు. ధనత్రయోదశి మంగళవారమో గురువారమో పడితే ఏం చేస్తారన్నది ఆయన అడగక ముందే మీ దగ్గర ఉండాలి.

"నీకిస్తే రేపు అందరూ అడుగుతారు కదమ్మా."

"పోయిన టైం, వచ్చిన టైం రిజిస్టర్‌లో రాస్తాను సార్. నెలకు ఒక క్యాజువల్ లీవు కోసుకోండి. ఎవరడిగినా ఆ లెక్క చూపించొచ్చు."

ఒప్పుకున్నా, ఆలోచిస్తానన్నా, ఆ సాయంత్రమే వాట్సాప్‌లో గానీ మెయిల్‌లో గానీ ఇలా పంపండి:

"సార్, ఈరోజు మాట్లాడుకున్న విషయం రాస్తున్నాను. మంగళ, గురు, శనివారాల్లో 10:50 నుంచి 12:10 వరకు నాన్నగారి డయాలసిస్ కోసం బయట ఉంటాను. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 7:10 వరకు ఉంటాను. నెలకు ఒక క్యాజువల్ లీవు తగ్గించుకోగలరు. గురువారం డెలివరీ బిల్లులు ముందురోజే సిద్ధం చేస్తాను. క్యాష్ 12:30కు కడతాను. సెంటర్‌లో ఆలస్యమైతే 11:30 లోపు మీకు మెసేజ్ పెడతాను. రెండు నెలల తర్వాత మళ్లీ చూద్దాం."

ఆ 11:30 ఊరికే పెట్టింది కాదు. 11:20కు బయటపడాల్సిన మనిషి ఇంకా లోపలే ఉన్నాడంటే రక్తం ఆగలేదనో, బీపీ తక్కువుందనో అర్థం. మిషన్ ఆలస్యంగా మొదలైతే అంతకంటే ముందే తెలుస్తుంది. 7 గంటలకు కూడా సూదులు పెట్టకపోతే అప్పుడే మెసేజ్ పెట్టేయండి.

కాదు, కుదరదు అంటే? ఏ వేళ కుదరదో అడగండి. పొద్దున కుదరదంటే సెంటర్‌లో సాయంత్రం షిఫ్టుకు పేరు రాయించుకుని ఖాళీ వచ్చేదాకా ఆగొచ్చు. అప్పుడు లెక్క మళ్లీ మొదటి మెట్టు నుంచి వేయాలి.

ఈ వారం అభ్యాసం: మీ నాయనదో అమ్మదో వచ్చే మూడు డయాలసిస్ రోజులు కాగితం మీద రాయండి. సెంటర్‌కు చేరిన సమయం, మిషన్ మొదలైన సమయం, సూదులు తీసిన సమయం, ఇంటికి చేరిన సమయం, నాలుగూ వేయండి. మూడింటిలో ఎక్కువ ఆలస్యమైన రోజును బట్టి మీరు అడగాల్సిన వేళ నిర్ణయించుకోండి, అన్నీ సజావుగా సాగిన రోజును బట్టి కాదు. వచ్చే పాఠంలో, ఈ ఏర్పాటుకు ఒప్పుకున్న మేనేజర్ బదిలీ అయి కొత్తాయన వస్తే ఏం చేయాలో చూద్దాం.